ఏడంగుళాల పిజ్జా, దాని చుట్టూ మిగిలే వలయం

ఏడంగుళాల పిజ్జాను పదంగుళాల పిజ్జా మీద సరిగ్గా మధ్యలో పెట్టి చూస్తే, చుట్టూ ఒకటిన్నర అంగుళాల వెడల్పున ఒక వలయం మాత్రమే కనిపిస్తుంది. కంటికి సన్నగా తోచే ఆ వలయం వైశాల్యం, మధ్యలో ఉన్న పిజ్జా మొత్తం వైశాల్యం కంటే కొద్దిగా ఎక్కువే. అంటే పదంగుళాల పిజ్జా ఒక్కటి కొంటే ఏడంగుళాలవి రెండు కొన్నట్టే.

వృత్తం వైశాల్యం వ్యాసాన్ని బట్టి కాక, దాని వర్గాన్ని బట్టి పెరగడమే ఇందుకు కారణం. పోల్చేటప్పుడు π విలువ రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది కనుక అడ్డుకొలతను దానితోనే గుణిస్తే సరిపోతుంది. ఏడుకు 49, పదికి 100, పదమూడుకు 169 వస్తాయి.

ఈ మూడింటి ధరలు వరుసగా రూ. 200, రూ. 380, రూ. 600 అనుకుందాం. ధరను ఆ వర్గంతో భాగిస్తే 4.08, 3.80, 3.55 వస్తాయి; ఎంత తక్కువ వస్తే అంత లాభం. పెద్దదే చవక, కానీ తేడా మనం ఊహించుకునేంత పెద్దది కాదు. పైగా పదంగుళాలది ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న రోజున లెక్క తిరగబడుతుంది: రూ. 380కే 200 పాళ్లు వస్తాయి, పదమూడంగుళాలది రూ. 600కు 169 పాళ్లే ఇస్తుంది.

అసలు తేడా బయటపడేది అంచు దగ్గర. చుట్టూ అంగుళం వెడల్పున జున్ను పడని అంచు ఉందనుకుంటే, ఏడంగుళాల పిజ్జాలో జున్ను, కూరగాయలు పరుచుకునే భాగం అయిదంగుళాలే, వర్గం 25. దాదాపు సగం పిజ్జా ఉత్త రొట్టె అంచే అన్నమాట. పదమూడంగుళాలదానిలో ఆ భాగం పదకొండు అంగుళాలు, వర్గం 121. ఇప్పుడు అవే ధరలను భాగిస్తే చిన్నదానికి 8, పెద్దదానికి 4.96 వస్తాయి. అంచును ఇష్టంగా తినేవారికి మొదటి లెక్కే వర్తిస్తుంది గానీ, దాన్ని పెట్టెలోనే వదిలేసేవారు చిన్న పిజ్జా కొంటే బాగా నష్టపోతారు.

మెనూలో రాసిన అంగుళాలు, పెట్టెలోకి వచ్చిన అంగుళాలు ఒకటే కావాలని లేదు. పిండి సరిగా సాగకపోయినా, ఓవెన్‌లో ముడుచుకున్నా కొలత తగ్గుతుంది. అర అంగుళం తగ్గితే పదమూడంగుళాల పిజ్జా ఏడున్నర శాతం కోల్పోతుంది. ఏడంగుళాలది సుమారు 14 శాతం కోల్పోతుంది. కొలిచేటప్పుడు టేపును మధ్య గుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి సగటు తీసుకోవాలి, ఎందుకంటే చేత్తో సాచిన పిండి అచ్చమైన గుండ్రంగా రావడం అరుదు.

ఈ పోలిక అంతా రెండింటి మందం, పైన వేసే పదార్థాలు ఒకే తీరుగా ఉన్నప్పుడే నిలుస్తుంది. అదనపు జున్నుకు పెద్ద సైజులో ఎక్కువ వసూలు చేసే చోట, ఆ మొత్తాన్ని కూడా కలిపిన తరువాతే భాగించాలి.