అమెరికా నుంచి పాస్‌పోర్టు రెన్యువల్: కవరులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు (అపోహలు - వాస్తవాలు)

నెల్లూరులో ట్రంకురోడ్డు పక్క సందులో కూర్చుని పాస్‌పోర్టు, వీసా దరఖాస్తులు నింపడం నా వృత్తి. ఒకప్పుడు మొదటిసారి విదేశానికి వెళ్లేవారే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు అమెరికాలో ఉన్న పిల్లల పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని తల్లిదండ్రులు వస్తున్నారు. 2024 వేసవిలో కందుకూరు నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చారు. అందులో కొడుకు పదో తరగతి మార్కుల జాబితా, జనన ధ్రువీకరణ పత్రం, ఇంజినీరింగ్ పట్టా ఉన్నాయి, అన్నీ ఒరిజినల్సే. "వీటిని ఇవాళే కొరియర్‌లో అమెరికా పంపేస్తాను సార్, వాడి పాస్‌పోర్టు నవంబరులో అయిపోతుంది" అన్నారు. ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెన్యువల్‌కు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ పంపాలి.

మనం రెన్యువల్ అంటున్న దాన్ని పాస్‌పోర్టు పరిభాషలో రీ-ఇష్యూ అంటారు, ఎందుకంటే పాత పుస్తకం గడువు పొడిగించరు, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు పాత పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలనుకునేవారికి ఆ పాత పాస్‌పోర్టే ఆధారం. అందువల్ల అమెరికా నుంచి పోస్టులో పంపే కవరులో ఉండవలసిన ఒరిజినల్ ఒక్కటే, అది పాస్‌పోర్టు. వీసా పత్రం, అమెరికా చిరునామా రుజువు వంటివన్నీ నకళ్లే. చెక్‌లిస్టులో నోటరీ అడిగిన చోట నోటరీ చేయించిన నకలు పెట్టాలి. పుట్టిన తేదీనో పేరునో మార్చుకోవాలనుకునేవారి సంగతి వేరు, వారికి అదనపు రుజువులు తప్పవు. మాస్టారు ఫైలు మాస్టారి బీరువాలోకే తిరిగి వెళ్లింది.

పాస్‌పోర్టుతో పాటు అమెరికా వీసా కూడా పోతుందేమోనని చాలామంది భయపడతారు. పాత పుస్తకాన్ని రద్దు చేసి తిరిగి పంపిస్తారు. వీసా ఉన్న పేజీ చెడకుండా ఉంటే, వీసా గడువు ఉన్నంతకాలం అది చెల్లుతుంది. ప్రయాణంలో పాతదీ కొత్తదీ రెండూ చేతిలో ఉండాలి, అంతే. అయితే పాస్‌పోర్టు కవరులో ఉన్నన్నాళ్లూ దేశం దాటే ప్రయాణం సాధ్యం కాదు కాబట్టి, ఇంట్లో పెళ్లి ముహూర్తం చూసుకునే కవరు పంపాలి. పంపే ముందు ప్రతి పేజీనీ స్కాన్ చేసి ఉంచుకోవాలి, ట్రాకింగ్ ఉన్న పార్సిల్‌లోనే పంపాలి.

అపోహ: చిరునామాకు డ్రైవింగ్ లైసెన్సు ఉంటే చాలు.

నేను చూసినంతలో దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. లైసెన్సు మంచి రుజువే, కానీ అందులో ఉన్న చిరునామా ఈ రోజు నివసిస్తున్న ఇంటిదై ఉండాలి. దరఖాస్తు ఏ కాన్సులేట్‌కు వెళ్లాలన్నది ఆ చిరునామాను బట్టే తేలుతుంది. మాస్టారి అబ్బాయి అప్పటికి రెండు నెలల కిందటే ఉత్తర కరోలినాలోని షార్లెట్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు మారాడు. ఉత్తర కరోలినా వాషింగ్టన్‌లోని రాయబార కార్యాలయం పరిధిలోకి వస్తుంది, టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఫారంలో ఫ్రిస్కో చిరునామా రాసి, షార్లెట్ లైసెన్సు నకలు జతచేస్తే రెండూ పొసగవు. కొత్తగా వచ్చినవారు పాత రాష్ట్రపు లైసెన్సుతో 90 రోజుల వరకు నడపవచ్చని టెక్సాస్ అనుమతిస్తుంది. అందుకే ఆ అబ్బాయి దాన్ని మార్చుకోలేదు. రహదారి మీద అది తప్పు కాదు, ఈ కవరులో మాత్రం తప్పే.

నేను వీడియో కాల్‌లో అడిగాను: ఇంటి అద్దె ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది? బిల్లు భార్య పేరు మీద, ఒప్పందం ఇద్దరి పేర్ల మీదా ఉన్నాయి. బిల్లు పక్కన పెట్టి, ఒప్పందంలో పేర్లూ చిరునామా ఉన్న పేజీలు, సంతకాల పేజీ నోటరీ చేయించి పెట్టమన్నాను. ఒప్పందంలో పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం చూశాం, ఎందుకంటే అపార్ట్‌మెంట్ల ఆఫీసులు మన ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించేయడం మామూలే.

ఇండియా చిరునామాతో ఇంకో చిక్కు వచ్చింది. 2014లో పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనలో నెల్లూరు జిల్లాలో చేరింది. ఇల్లూ మారలేదు, 523తో మొదలయ్యే పాత పిన్‌కోడూ మారలేదు. దరఖాస్తు నింపే రోజున ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లానే రాసి, కారణం తెలిపే చిన్న లేఖ జతచేశాం, ఎవరూ ప్రశ్నించలేదు.

అపోహ: నెల్లూరు స్టూడియోలో తీయించిన పాస్‌పోర్టు ఫొటో ఎక్కడైనా పనికొస్తుంది.

మనవైపు స్టూడియోలో ఇచ్చే పాస్‌పోర్టు సైజు నిలువుగా ఉంటుంది. అమెరికాలో కాగితం మీద అతికించే ఫొటో 2 అంగుళాల చదరం. అంతర్జాతీయ విమానయాన ప్రమాణాల ప్రకారం కాన్సులేట్లు అడుగుతున్న డిజిటల్ ఫొటో మాత్రం 630 × 810 పిక్సెళ్లు, అంటే నిలువుదే. కాబట్టి ఒకే కూర్చోవడంలో తీసిన ఫొటో నుంచి రెండు కొలతలూ తీయించుకోవడం మేలు. ముఖం ఫొటోలో 80 నుంచి 85 శాతం వరకు నిండాలి, తల, భుజాల పైభాగం కనిపించాలి, నేపథ్యం తెల్లగా ఉండాలి, నోరు మూసి ఉండాలి, కళ్లద్దాలు తీసేయాలి. నేపథ్యం తెలుపు కనుక తెల్లచొక్కా వేసుకోవద్దని నేను ప్రత్యేకంగా చెబుతాను, భుజాలు గోడలో కలిసిపోతాయి. మన స్టూడియోల వారు ప్రేమకొద్దీ రంగు తేల్చి, పుట్టుమచ్చ తీసేసి ఇస్తారు. కంప్యూటర్‌లో అలా దిద్దిన ఫొటోను అంగీకరించరు. గోడ మీద నీడ పడిందా లేదా అన్నది ఫోన్ తెర మీద సరిగా తెలియదు, పెద్ద తెర మీద చెవుల పక్కన చూస్తే తెలుస్తుంది.

అపోహ: గడువు ముగిసే నెలలో చూసుకోవచ్చు.

గడువుకు ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకు దరఖాస్తు చేయవచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారు దేశం బయటకు వెళ్లి తిరిగి వచ్చినప్పుడు, అధికారులు ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం, గడువును పాస్‌పోర్టు ముగిసే తేదీకే కుదించడం సాధారణం. తర్వాత కొత్త పాస్‌పోర్టు వచ్చినా ఆ ఐ-94 దానంతట అది పెరగదు. కాబట్టి విమానం దిగగానే ఆ తేదీ చూసుకోవాలి.

చివరగా మాస్టారికి ఒక మాట చెప్పి పంపాను. కొత్త పాస్‌పోర్టు విదేశంలో ఇచ్చినా, పోలీసు విచారణ కొన్నిసార్లు ఇండియా చిరునామాకే వస్తుంది. "అబ్బాయి ఇక్కడ ఉండటం లేదు" అని ఒక్క ముక్క చెప్పి తలుపు వేసేస్తే, ఆ చిరునామాలో లేడని నివేదిక వెళ్లే ప్రమాదం ఉంది. ఇది వాడి సొంత ఇల్లే, ఉద్యోగం మీద అమెరికాలో ఉన్నాడు, ఇదిగో పాత పాస్‌పోర్టు నకలు అని పూర్తిగా చెప్పమన్నాను. ఆయన తలుపు వెనక మేకుకు ఆ నకలు తగిలించి ఉంచారట. ఆగస్టులో కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది మాస్టారి భార్య ఒక్కరే, చేయి చాచి దాన్నే తీసి ఇచ్చారట.