రాక్షసుడి ప్రాణం చిలకలో ఎందుకు? అపోహలు, వాస్తవాలు

జానపద కథలు సేకరించే పిల్లలు తెచ్చిచ్చే నోటు పుస్తకాల్లో ఒక వాక్యం నాకు పదే పదే కనిపిస్తుంది: "రాక్షసుడి ప్రాణం చిలకలో ఉందని రాణి తెలుసుకుంది." అంతే. వెంటనే రాకుమారుడు చిలకను తేవడానికి బయల్దేరిపోతాడు. చెప్పిన అవ్వ ఆ చోట పావుగంట తీసుకుని ఉంటుంది. రాసినవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకలా అని అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే: "కథ చిలక గురించి కదండీ!"

కాదు. అసలు అపోహ ఇదే. చిలకను చంపడమే ఈ కథకు గుండెకాయ అనుకోవడం వల్ల మనం కథలు పోగొట్టుకుంటున్నాం. చిలక గుట్టు రాక్షసుడి నోటి నుంచి ఎలా బయటపడిందన్నదే దీని గుండెకాయ.

ఒక కథను దగ్గరగా చూద్దాం. 1868లో మేరీ ఫ్రీర్ అచ్చువేయించిన దక్కన్ కథల పుస్తకంలో 'పంచ్‌కిన్' ఉంది. దాన్ని చెప్పింది వాళ్లింట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. బాల్నా అనే రాకుమారిని పంచ్‌కిన్ అనే మాంత్రికుడు ఎత్తుకుపోతాడు. ఆమె భర్తను, వెతుక్కుంటూ వచ్చినవాళ్లను రాళ్లు చేసేస్తాడు. పెళ్లికి ఒప్పుకోలేదని ఆమెను పన్నెండేళ్లు కోటలో బంధిస్తాడు. చివరికి కొడుకు పెద్దవాడై వచ్చి తల్లిని కలుసుకుంటాడు. మన బాలనాగమ్మ, మాయల ఫకీరు, బాలవర్ధిరాజు గుర్తొచ్చారు కదా? అస్థిపంజరం అదే.

ఇక్కడ కొడుకు కత్తి దుయ్యడు, తల్లిని అడగమంటాడు. ఆమె పెళ్లికి ఒప్పుకున్నట్టు నటించి, నీకు చావే లేదా అని మెత్తగా ఆరా తీస్తుంది. వాడు మురిసిపోయి అంతా చెప్పేస్తాడు: ఎక్కడో దూరాన దట్టమైన అడవి, దాని నడుమ గుండ్రంగా తాటి జాతి చెట్లు, వాటి మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు నీళ్ల కుండలు, అడుగు కుండ కింద చిన్న పంజరం, అందులో పచ్చని చిలక. చుట్టూ వేల కొద్దీ భూతాల కాపలా.

ఇంత కట్టుదిట్టం చేసుకున్నవాడికి లోకంలో ఒకే ఒక్క కన్నం మిగిలింది, అది వాడి నోరే. బలంతో వాణ్ని ఎవరూ కొట్టలేరు, ఒంటి మీద దెబ్బ తగిలే చోటే లేదు. కానీ తనను ఒకరు ఇష్టపడాలన్న కోరిక మాత్రం ఉంది. ఆ ఇష్టం దొరికిందనుకున్న క్షణంలో ప్రాణం ఎక్కడుందో తనే ఒప్పజెప్పాడు. ప్రాణాన్ని ఒంటి బయట దాచే కథాంశానికి నేను చెప్పే అర్థం ఇది: ఎంత దూరాన దాచుకున్నా అది రహస్యం ఉన్నంతసేపే భద్రం, రహస్యమేమో మనిషి దగ్గర నిలిచేది కాదు.

నార్వే కథలో ఒంట్లో గుండె లేని రాక్షసుడు, అదెక్కడుందని రాకుమారి అడిగితే, మొదట రెండు అబద్ధాలు చెబుతాడు. గడప కింద ఉందంటే రాకుమారి గడప మీద పూలు చల్లుతుంది, అలమారలో ఉందంటే అలమారను అలంకరిస్తుంది. నా గుండె మీద ఇంత ప్రేమా అని కరిగిపోయి మూడోసారి నిజం చెప్పేస్తాడు. చిలక లేదు, బాతు గుడ్డు ఉంది. అయినా కథ నడిచింది అడగడం మీదే.

కడప జిల్లాలో ఒక పెద్దావిడ దగ్గర మన చిలక కథ విన్నాను. ఆ ఘట్టం రాగానే ఆవిడ పక్కనున్న మనవరాలి తల తన ఒళ్లో పెట్టుకుని, జుట్టు నిమురుతూ, రాక్షసుడితో మాట్లాడినట్టే గొంతు తగ్గించి చెప్పింది: "పొద్దున పోతే సందేళకు గానీ రావు. నీకేమన్నా అయితే నాకు దిక్కెవరయ్యా?" వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లంతా చేతిలో పని ఆపేశారు. రాక్షసుణ్ని చంపే చోట మాత్రం ఆవిడ రెండే వాక్యాలతో దాటేసింది. ఆవిడకు తెలుసు, ఏది ముఖ్యమో.

మరి చిలకే ఎందుకు? అన్ని కథల్లోనూ చిలక ఉండదు. బెంగాలీ రాక్షసుల కథలో చెరువులోని తేనెటీగల్లో ప్రాణాలుంటాయి. మన వైపు చిలక స్థిరపడటానికి నాకు తోచే కారణాలు రెండు. ఒకటి, అది ఇంట్లో పంజరంలో పెరిగేది, మనిషి మాట పలికేది. రెండు, దేహం పంజరం, ప్రాణం చిలక అన్న పోలిక తత్వాలు పాడేవాళ్ల నోట ముందే ఉంది. కథ ఆ పోలికను తిరగేసింది. ప్రాణమే ఒంట్లోంచి వెళ్లి వేరే పంజరంలో కూర్చుంది.

వాట్సాప్‌లో తిరిగే 'ఏడు సముద్రాలంటే ఏడు చక్రాలు, చిలకంటే కుండలిని' లాంటి వ్యాఖ్యానాలకు ఏ కథకురాలి నోటా నాకు ఆధారం దొరకలేదు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి. ఇది మన దగ్గరే పుట్టి లోకమంతా పాకిందనేది కూడా తేలిన విషయం కాదు. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతపు ఈజిప్టు పత్రంలో బాటా అనేవాడు తన గుండెను చెట్టు పువ్వు మీద పెడతాడు.

బయట ప్రాణం చెడ్డవాళ్లకే ఉంటుందన్నదీ తప్పే. 1883లో లాల్ బిహారీ డే ప్రచురించిన బెంగాలీ కథలో డాలిమ్ కుమార్ అనే మంచి రాకుమారుడి ప్రాణం ఒక చేప కడుపులోని పెట్టెలో, బంగారు హారంగా ఉంటుంది. అతని పావురాలు సవతి తల్లి గదిలోకి ఎగిరిపోతే, రహస్యం చెబితేనే ఇస్తానంటుంది. పిల్లవాడు చెప్పేస్తాడు. ఆమె ఆ హారాన్ని తెప్పించుకుని వేసుకున్న పగలంతా అతను శవం, రాత్రి తీసి పెట్టగానే బతుకుతాడు. ఇక్కడ కూడా ప్రమాదం గుట్టు చెప్పడంతోనే మొదలైంది.

పెంపుడు చిలక చచ్చిపోయింది, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అవుతుందా అని భయపడి ఫోన్ చేసినవాళ్లున్నారు. ఏమీ కాదమ్మా. ఈ కథల్లో ప్రాణం ముడిపడేది మంత్రం వల్లో వరం వల్లో, పెంచుకున్నందువల్ల కాదు. టెన్షన్ పడకండి.

చిలక రెక్కలు విరిచే చోటు పిల్లలకు చెప్పాలా అని తల్లులు అడుగుతారు. ఆ దిగులు న్యాయమైనదే. పంచ్‌కిన్ కథలో ఒక్కో రెక్క తీసినప్పుడు వాడి ఒక్కో చెయ్యి ఊడిపోతుంది, తర్వాత కాళ్లు. దీన్ని కుదించవచ్చు, మా పెద్దావిడా కుదించింది. కుదించకూడనివి మాత్రం ఉన్నాయి. చిలకను చేత పట్టుకుని, రాళ్లయినవాళ్లందరినీ ముందు బతికించమని కొడుకు షరతు పెట్టడం వాటిలో ఒకటి, ఎందుకంటే చిలక ముందే చస్తే తండ్రి రాయిగానే మిగిలిపోతాడు. డేగ పిల్లల్ని పాము బారి నుంచి కాపాడటం ఇంకొకటి, అది లేకపోతే అవి అతన్ని చిలక ఉన్న చోటికి మోసుకుపోవడానికి కారణం ఉండదు.

రికార్డు చేసేవాళ్లకు ఒక గుర్తు. అడవి, చెట్లు, కుండలు, పంజరం అన్న వరుస కథలో రెండుసార్లు రావాలి: మొదట రాక్షసుడి నోట, తర్వాత రాకుమారుడి ప్రయాణంలో. చెప్పేవాళ్లు దారి గుర్తుపెట్టుకునేది ఆ వరుసతోనే. ఒక్కసారే వచ్చిందంటే ఎవరో మధ్యలో కత్తిరించినట్టే. అప్పుడు చిలక గురించి అడగకండి. "అవ్వా, ఆయమ్మ వాణ్ని ఏమని అడిగింది? వాడేమన్నాడు?" అని అడిగి, రికార్డర్ ఆపకుండా కూర్చోండి.