సుమిలాన్‌లో చెరిగిన గీత, ఆపోలో నిలిచిన గీత

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఈ 61 రోజుల నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడుతుంది. అయితే జూన్ 15న వేట మొదలవగానే, అప్పటిదాకా బతికిన చేప వలలో పడుతుంది. కాలానికి బదులు చోటును మూసేస్తే ఏమవుతుంది? సముద్రంలో ఒక గీత గీసి, దాని లోపల ఏళ్ళ తరబడి ఎవరూ గాలం కూడా వేయకుండా చూస్తే బయట వేటాడేవాళ్ళకు లాభమా, నష్టమా? ఈ ప్రశ్నకు తొలి గట్టి సమాధానాలు ఫిలిప్పీన్స్‌లోని రెండు చిన్న ద్వీపాల నుంచి వచ్చాయి. అందులో మొదటిది ఒక వైఫల్యం నుంచి వచ్చింది.

సెబు ద్వీపం దక్షిణపు కొన దగ్గర సుమిలాన్ ఉంది. 1974లో సిలిమాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త ఏంజెల్ ఆల్కాలా బృందం స్థానిక పురపాలక మండలి అనుమతితో ఆ ద్వీపం పడమటి వైపున, పగడపు దిబ్బలో నాలుగో వంతును వేటకు మూసివేసింది. మిగిలిన మూడు వంతుల్లో జనం గాలాలు, వలలు, వెదురు బోనులతో ఎప్పటిలాగే వేటాడుకున్నారు. బృందం మరో ముఖ్యమైన పని కూడా చేసింది. ఎంత చేప పడుతోందో పలుమార్లు లెక్కగట్టి రాసి పెట్టింది.

పదేళ్ళ తర్వాత, 1984లో, స్థానిక రాజకీయాలు మారి రక్షణ కూలిపోయింది. మూసిన చోటులోకి పడవలు వచ్చాయి. దిబ్బను కొట్టి చేపలను వలలోకి తోలే పద్ధతులూ, పేలుడు పదార్థాలూ వచ్చాయి. వేట స్థలం మూడో వంతు పెరిగింది కనుక పట్టు కూడా పెరగాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి విరుద్ధం. 1983-84లో చదరపు కిలోమీటరు దిబ్బకు ఏడాదికి సుమారు 37 టన్నులు దొరికిన చేప, 1985-86 నాటికి సుమారు 20 టన్నులకు పడిపోయింది. ఒక్కో మనిషికి గాలంతోనూ, వలతోనూ దొరికేది సగానికి పైగా తగ్గింది. బోనుల పట్టు మూడో వంతు తగ్గింది. బయట దొరికే చేపలో పెద్ద భాగం మూసిన చోటు నుంచే వస్తోందని ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం. అయినా ఇది ఒక్క ద్వీపం కథే, పైగా అదే సమయంలో విధ్వంసక పద్ధతులు కూడా వచ్చాయి. కాబట్టి తగ్గిన పట్టులో ఎంత భాగం దేని వల్లనో విడదీయడం సులువు కాదు.

రెండో ద్వీపం ఆపో. నీగ్రోస్ ద్వీపం తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ద్వీపంలో ఆల్కాలా బృందం పద్ధతి మార్చింది. 1979 నుంచి మూడేళ్ళ పాటు ఊరివాళ్ళతో మాట్లాడింది, సుమిలాన్ తీసుకెళ్ళి చూపించింది. 1982లో ఆగ్నేయ వైపున తీరం వెంట 450 మీటర్లు, సముద్రంలోకి 500 మీటర్ల చోటును మూయడానికి ఊరు ఒప్పుకుంది. కాపలా కూడా ఊరిదే. బయట పేలుడు పదార్థాలు, సయనైడు, సన్నకంటి వలలు, తోలుడు వలలు నిషేధించారు. పొరుగు ఊళ్ళ పడవలను రానివ్వలేదు.

ఈ చోటు చాలా చిన్నది, ద్వీపం చుట్టూ ఉన్న దిబ్బలో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అయినా ఇది చాలింది. ఎందుకంటే దిబ్బ మీద బతికే చాలా చేపలు తమ చోటు దాటి ఎక్కువ దూరం పోవు. రోజుకు కిలోమీటర్ల కొద్దీ తిరిగే సూర చేపకు ఇంత చిన్న చోటు ఒక మలుపు మాత్రమే. అది అక్కడ పెద్దదయ్యే లోపే బయట పడవకు చిక్కుతుంది. కాపాడాలనుకున్న చేప ఎంత దూరం తిరుగుతుందో తెలియకుండా గీత పొడవు నిర్ణయించలేం.

చేప బయటికి ఎందుకు వస్తుందన్నది ఆపోలో బాగా గమనించారు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఒక పెద్ద సర్జన్ చేపను, నాసో వ్లామింగీని, 18 ఏళ్ళు లెక్కించారు. లోపల దాని మొత్తం బరువు మూడు రెట్లయింది. గీతకు ఆవల 200-250 మీటర్ల లోపు అది 40 రెట్లు పెరిగింది. మొదట్లో అక్కడ దాదాపు ఏమీ లేకపోవడం వల్లే ఆ సంఖ్య అంత పెద్దదిగా కనిపిస్తుంది. అంతకు మించిన దూరంలో అలాంటి పెరుగుదల కనబడలేదు. లోపల చేపలు కిక్కిరిసినప్పుడు పెద్దవి చిన్నవాటిని తరిమేస్తున్నాయని నీటిలో దిగి చూసినవాళ్ళు నమోదు చేశారు. ఆ తరమడం బయటకంటే లోపల మూడున్నర రెట్ల కంటే ఎక్కువ సార్లు జరిగింది. అంటే బయటికి వచ్చేది చోటు దొరకని చేప. దిబ్బ గీతకు ఆవలా ఆగకుండా కొనసాగితేనే అది వస్తుంది. మధ్యలో ఇసుక మేట అడ్డుంటే చాలా దిబ్బ చేపలు దాటవు. అందుకే బయటి వేటకు లాభం కావాలనుకున్నప్పుడు గీతను దిబ్బ మీదుగా గీయాలి, చేపను లోపలే ఉంచాలనుకున్నప్పుడు దిబ్బ అంచున గీయాలి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అదే బృందం 2006లో ఈ వలస ఆపో వేటకు మొత్తంగా ఎంత ఇస్తోందని లెక్కగట్టింది. అది పదో వంతుకు మించదని తేలింది. గీత దగ్గర పట్టు బాగున్నా, ఎక్కువమంది అక్కడికి వెళ్ళలేదు. ఊరికి దూరం, గాలుల కాలంలో కష్టం, ఎప్పటినుంచో తమకు అలవాటైన వేట స్థలాలు వేరే ఉన్నాయి. మరి ఆపోలో పట్టు ఎందుకు నిలబడింది? విధ్వంసక పద్ధతులను మాన్పించడం, బయటి పడవలను ఆపడం పెద్ద కారణాలని నా అభిప్రాయం. లోపలి పెద్ద చేపలు పెట్టే గుడ్లు, వాటి డింభకాలు ప్రవాహంలో దూరం పోవడం మరొకటి, కానీ దాన్ని కొలవడం వలసను కొలిచినంత సులువు కాదు. మూసేస్తే బయట చేప దానంతట అదే పెరుగుతుందని మత్స్యకారులకు మాటివ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది. తొలి ఏళ్ళలో స్థలం పోతుంది, చేప పెరగడానికి కాలం పడుతుంది. ఆ నష్టం ఎవరిదో, ఎన్నాళ్ళో ముందే చెప్పాలి.

ఫలితం నిజమో కాదో తెలుసుకోవడానికీ ఒక షరతు ఉంది. మూసే ముందే లోపలా, బయటా చేపలను లెక్కించి ఉండాలి. తరచుగా మంచి దిబ్బనే కాపాడటానికి ఎంచుకుంటారు. అలాంటప్పుడు ఐదేళ్ళ తర్వాత లోపల ఎక్కువ చేపలు కనిపిస్తే, అవి మొదటినుంచీ ఉన్నవో పెరిగినవో చెప్పలేం. గీత ఆవల పడవలు బారులు తీరితే అది మంచి సూచనే. కానీ చోటు చిన్నదైతే, అంచు దగ్గర వేట అతిగా ఉంటే, లోపలి చేప కూడా తరిగిపోతుంది.

1994లో ఆపో రక్షిత ప్రాంతంగా జాతీయ ప్రభుత్వ వ్యవస్థలోకి వెళ్ళింది. నిర్ణయాల్లో తమ చేయి తగ్గిందని ఊరిలో అసంతృప్తి వచ్చింది. తర్వాత 2011, 2012 డిసెంబరుల్లో వరుసగా రెండు తుపానులు వచ్చాయి. మూసిన చోటు ఆగ్నేయాన ఉండడంతో అలల దెబ్బ నేరుగా తగిలి అక్కడి పగడాలు పగిలిపోయాయి, చేప బాగా తగ్గింది. అటు పడమటి వైపు వేట స్థలాలకు నష్టం అంతగా లేదు. ముప్పై ఏళ్ళు పెంచిన చేప మొత్తం ఒకే గాలికి ఎదురుగా, ఒకే చోట ఉంది. మూసిన విస్తీర్ణం పెంచకుండానే దాన్ని రెండు ముక్కలుగా చేసి ద్వీపానికి రెండు వైపులా పెట్టి ఉంటే, ఒక ముక్కైనా మిగిలేది.