పెళ్లి ఫోటోలను ఫోల్డర్లుగా విడదీయడం: అపోహలు - వాస్తవాలు

పెళ్లి ఫోటోలు రెండు మూడు వేలు వచ్చి పడ్డాక ఆల్బమ్ డిజైనర్ చేసే మొదటి పని వాటిని విడదీయడం. ఆల్బమ్‌కు కొన్ని, గోడ ఫ్రేములకు కొన్ని, రిసెప్షన్ తెరకు కొన్ని. ఇక్కడ తప్పు జరిగితే అది ప్రింటు చేతికి వచ్చేదాకా బయటపడదు. ఈ పనిలో తరచుగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: 300 డీపీఐ అని ఉంటే ప్రింటుకు, 72 అని ఉంటే తెరకు.

డీపీఐ అంటే ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క. ఆ అంకె ఫైలులో రాసి ఉన్న ఒక సూచన మాత్రమే. 6000×4000 పిక్సెళ్ల ఫోటో మీద 72 అని ఉన్నా, 300 అని ఉన్నా ప్రింటు ఒకేలా వస్తుంది. చూడాల్సింది పిక్సెళ్లను. పొడవు వైపు 6000ను 300తో భాగిస్తే 20 అంగుళాలు. అంతవరకు నిశ్చింతగా వేయవచ్చు. బంధువులు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు చాలాసార్లు 1600 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. అది అయిదు అంగుళాలకు కాస్త ఎక్కువ, అంతే. డీపీఐ గడిలో 300 అని మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా కొత్తగా పుట్టదు.

అందుకే నేను పొడవు వైపు పిక్సెళ్లను బట్టి ఫోల్డర్లు చేస్తాను: 2000 లోపు, 2000 నుంచి 4000, ఆపైన. అయినా ఎవరో చిన్న ఫోటోను సాగదీసి 6000 చేసి పంపితే లెక్క మోసపోతుంది. పెద్ద ఫోల్డర్‌లో చేరినవాటిలో అనుమానం ఉన్న ఫోటోను నూరు శాతం సైజులో తెరిచి పట్టుచీర జరీ అంచును చూడండి. పోగులు విడిగా కనిపించక అలుక్కుపోయి ఉంటే అది చిన్న ఫోల్డర్‌కే చెందుతుంది.

అపోహ: వెడల్పు ఎక్కువైతే అడ్డం ఫోటో, ఎత్తు ఎక్కువైతే నిలువు ఫోటో.

కెమెరాను నిలువుగా తిప్పి తీసినా చాలా కెమెరాలు పిక్సెళ్లను అడ్డంగానే దాచి, చూపేటప్పుడు తిప్పమని ఫోటో ఫైలులోనే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో ఒక అంకె రాస్తాయి. ఫోటోలు చూపే సాఫ్ట్‌వేర్ ఆ అంకెను చదివి నిలువుగా చూపిస్తుంది. వెడల్పు, ఎత్తు మాత్రమే చదివి విడదీసే స్క్రిప్టు వధువు ఒంటరి ఫోటోలన్నింటినీ అడ్డం ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆ సమాచారాన్ని చదివే exiftool అనే ప్రోగ్రాంతో, ఫోటోలున్న ఫోల్డర్‌లో ఈ కమాండ్ నడిపితే విషయం తెలుస్తుంది:

```
exiftool -n -T -Orientation -ImageWidth -ImageHeight -FileName .
```

మొదటి గడిలో 6 లేదా 8 ఉంటే వెడల్పు, ఎత్తులను తారుమారు చేసి చదవాలి. 1 ఉంటే ఉన్నది ఉన్నట్టే. గీత మాత్రమే కనిపిస్తే ఆ సమాచారమే లేదన్నమాట. వాట్సాప్ ఫోటోలు ఎక్కువగా ఇలాగే వస్తాయి, వాటికి వెడల్పు, ఎత్తులను నమ్మవచ్చు. తలంబ్రాల పళ్లెం, ముగ్గు లాంటివాటిని కెమెరా నేలకు వంచి తీసినప్పుడు ఏది పైవైపో కెమెరాకే సరిగా తెలియదు. వాటిని కంటితోనే చూసి సరిచేయాలి.

అపోహ: నిలువు ఫోటో ఏ నిలువు ఫ్రేములోనైనా సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. 4000×6000 ఫోటో నిష్పత్తి 2:3. అది 4×6, 8×12, 12×18 సైజులకు అతికినట్టు సరిపోతుంది. గోడ ఫ్రేము 8×10 అయితే 4:5 కావాలి. 4000 వెడల్పుకు ఎత్తు 5000 చాలు, అంటే మిగిలిన 1000 పోవాలి. ఎత్తులో ఆరో వంతు! నిండుగా నిలబడిన వధూవరుల ఫోటోలో అది బాసికమో, పారాణి పాదాలో అవుతుంది. అందుకే 8×10 ఫోల్డర్‌లో చేర్చేముందు తల పైనా, పాదాల కిందా కలిపి ఆ ఆరో వంతు ఖాళీ ఉందా అని చూస్తాను. లేకపోతే 8×12 ఫ్రేము కొనమని చెబుతాను. కస్టమర్ ససేమిరా అంటే పక్కల తెల్ల అంచు వదిలి ఫోటో మొత్తం వేస్తాను. కత్తిరించిన ప్రతిని వేరే పేరుతో దాచాలి, అసలు ఫైలు జోలికి వెళ్లకూడదు.

కత్తిరించాక పిక్సెళ్లు మళ్లీ లెక్కపెట్టుకోవాలి. పెద్ద గ్రూపు ఫోటోలోంచి తాతయ్య ముఖాన్ని విడదీస్తే మిగిలేది ఏ 1200×1500 పిక్సెళ్లో. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసినా సరే, అది ఇప్పుడు 4×5 అంగుళాల ఫోటో.

అపోహ: పెద్ద ఎల్ఈడీ తెరకు అన్నిటికన్నా పెద్ద ఫైళ్లు కావాలి.

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అద్దెకిచ్చే పీ3.91 రకం, అంటే పిక్సెళ్ల మధ్య 3.91 మిల్లీమీటర్ల దూరం ఉండే ప్యానెల్ అర మీటరు చదరం ఉంటుంది, దానిలో ఒక్కో వైపు 128 పిక్సెళ్లు. నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గోడ మొత్తం కలిపినా 1024×768 మాత్రమే. ఆల్బమ్‌లో చిన్న గడికి తప్ప పనికిరాని వాట్సాప్ ఫోటో ఇక్కడ చక్కగా కనిపిస్తుంది. ఆ గోడ నిష్పత్తి 4:3, టీవీలా 16:9 కాదు. తెర ఎన్ని అడుగులని కాకుండా ఎన్ని పిక్సెళ్లని ఎల్ఈడీ వారిని అడిగి తెలుసుకున్నాకే ఆ ఫోల్డర్ మొదలుపెట్టండి.