హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్: కిందటేడు మే నెలలో తీసిన కాగితంతో ఈ జూలైలో రిటర్న్ వేయకండి

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌కి ఫైనల్ సర్టిఫికెట్ తీసుకోండంటే, జూన్, జూలై నెలల్లో మా బ్యాంకు లోన్ కౌంటర్ దగ్గర రోజుకి కనీసం నలుగురు అడిగే మాట ఇది: "సార్, సర్టిఫికెట్ ఆల్రెడీ ఉంది, ఆఫీసులో ఇచ్చాను. మళ్ళీ ఎందుకు?" చేతిలో ఉన్న కాగితం తీసి చూస్తే పైన ప్రొవిజనల్ అని ఉంటుంది. అది చదివినవాళ్ళు తక్కువ.

అపోహ: ప్రొవిజనల్ అయినా, ఫైనల్ అయినా అంకె ఒకటే.

వాస్తవం: ప్రొవిజనల్ అంటే అంచనా. తీసిన రోజున ఉన్న బ్యాలెన్స్, ఆ రోజు వడ్డీ రేటు, ఇక మీదట ఈఎంఐలు సక్రమంగా వస్తాయన్న నమ్మకం, ఈ మూడింటితో మా సిస్టమ్ మార్చి 31 దాకా లెక్క కట్టి ఇస్తుంది. ఫైనల్ సర్టిఫికెట్ ఏడాది ముగిశాక, ఖాతాలో నిజంగా పడిన వడ్డీని బట్టి వస్తుంది. మధ్యలో రేటు మారినా, మీరు ముందుగా కొంత కట్టినా ఈ రెండూ కలవవు.

2025-26లో ఇది బాగా తేడా కొట్టింది. రిజర్వ్ బ్యాంకు ఏప్రిల్‌లో పావు శాతం, జూన్‌లో అర శాతం, డిసెంబరులో మరో పావు శాతం రెపో, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద రేటు, తగ్గించింది. రెపోకి ముడిపెట్టిన ఫ్లోటింగ్ లోన్లలో ఆ తగ్గింపు రీసెట్ తేదీన దిగింది. చాలామందికి ఈఎంఐ అంకె మాత్రం మారలేదు, అందుకే లోపల వడ్డీ తగ్గి అసలు ఎక్కువ తీరుతోందన్న సంగతి వాళ్ళకి తెలియలేదు.

ఒక టీచరమ్మ సంగతి చెప్తాను. పాత రిజీమ్, 20 శాతం స్లాబు. ఏప్రిల్ మొదట్లో బాకీ 22 లక్షలు, రేటు 9 శాతం, ఈఎంఐ 22,000. మే నెలలో నెట్ బ్యాంకింగ్‌లో సర్టిఫికెట్ తీసుకున్నారు. అందులో వడ్డీ 1,95,208, అసలు 68,792. ఫిబ్రవరి జీతం బిల్లుకి ముందు అదే కాగితం ఆఫీసులో ఇచ్చారు, టీడీఎస్ ఆ లెక్కనే కోశారు. ఈలోపు ఏమైందంటే, జూలై ఒకటిన రేటు 8.25కి, జనవరి ఒకటిన 8 శాతానికి దిగింది. అక్టోబరు ఒకటిన ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బులో 4 లక్షలు లోన్‌కి కట్టేశారు కూడా.

ఫైనల్‌లో వడ్డీ 1,64,845 వచ్చింది. అంటే 30,363 తక్కువ. ఆవిడ ముఖం చూడాలి. "అంటే నేను దొంగ లెక్క చూపించినట్టా సార్? నోటీసు వస్తుందా?" అన్నారు. కాదమ్మా, ఆఫీసుకి ఇచ్చేది అంచనానే, అందులో తప్పేమీ లేదు. రిటర్న్‌లో కూడా ఆ అంచనానే పెడితేనే తప్పు. రిటర్న్‌లో ఫైనల్ అంకె వేసి, తేడాకి పన్ను కట్టేస్తే సరిపోతుంది. ఆ 30,363 మీద సెస్‌తో కలిపి 6,300 చిల్లర.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే ఫైనల్ కాగితంలో అసలు కాలమ్ చూడమన్నాను. ఈఎంఐల ద్వారా తీరింది 99,155, పైన 4 లక్షలు. ముందుగా కట్టిన అసలు కూడా 80సీ మినహాయింపు కిందకే వస్తుంది. ఆవిడకి పీఎఫ్, ఎల్ఐసీ కలిపి 60,000 ఉంది. ప్రొవిజనల్ అసలుతో కలిపి 80సీలో 1,28,792 దగ్గర ఆగారు. ఫైనల్ ప్రకారం 1,50,000 పూర్తిగా వాడుకోవచ్చు, అంటే ఇంకో 21,208. ఇక మిగిలిన తేడా 9,155 మాత్రమే, దాని మీద పన్ను 1,904 రూపాయలు. ఆవిడ వచ్చేటప్పుడు ఉన్న టెన్షన్‌కీ ఈ 1,904కీ పొంతనే లేదు.

ప్రొవిజనల్‌తోనే రిటర్న్ వేసేసినవాళ్ళు గాభరా పడకండి. ఫైనల్ తీసి పోల్చుకోండి, తేడా ఉంటే గడువులోగా రివైజ్డ్ రిటర్న్ వేయండి. డిపార్ట్‌మెంట్ అడిగేదాకా కూర్చోవద్దు.

ఇంకో ముఖ్యమైన చిక్కు, అడగడంలోనే ఉంది. జనం "26-27 సర్టిఫికెట్ ఇవ్వండి" అంటారు, ఎందుకంటే రిటర్న్ ఫారం మీద అసెస్‌మెంట్ ఇయర్ అలా ఉంటుంది. బ్యాంకుకి తెలిసింది ఫైనాన్షియల్ ఇయర్. 26-27 అని కొడితే సిస్టమ్ ఇంకా నడుస్తున్న ఏడాదికి ప్రొవిజనల్ ప్రింట్ చేసి చేతిలో పెడుతుంది. మా కుర్రాడొకడు కిందటేడు ఇలాగే ఓ పెద్దాయనకి రాంగ్ ఇయర్ కాగితం ఇచ్చి, రెండుసార్లు ఎండలో తిప్పాడు. తప్పు మాదే అనుకోండి. అందుకే తేదీలతో అడగండి. ఉత్తరం ఇలా రాస్తే చాలు: "నా హోమ్ లోన్ ఖాతా నంబరు ఫలానా. 01/04/2025 నుంచి 31/03/2026 వరకు చెల్లించిన వడ్డీ, అసలు విడివిడిగా చూపిస్తూ, రుణగ్రహీతలందరి పేర్లతో ఫైనల్ సర్టిఫికెట్ ఇవ్వగలరు." నెట్ బ్యాంకింగ్‌లో తీసినా పైన ఆ తేదీలున్నాయా, ప్రొవిజనల్ అన్న మాట లేదా అని చూసుకోండి. మధ్యలో లోన్ వేరే బ్యాంకుకి మార్చుకుంటే రెండు చోట్ల నుంచీ రెండు కాగితాలు కావాలి. పాత బ్యాంకులో ఖాతా మూసేశాక ఆన్‌లైన్‌లో కనబడకపోతే బ్రాంచికి రాతపూర్వకంగా అడగాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సర్టిఫికెట్‌ని రిటర్న్‌కి జత చేయాల్సిన పని లేదు, కానీ ఇప్పుడు ఫారంలో లోన్ ఖాతా నంబరు, మంజూరైన తేదీ, మొత్తం, మార్చి 31 నాటి బాకీ అడుగుతున్నారు. కాబట్టి కాగితం పక్కన లేకుండా కూర్చోకండి. కొత్త రిజీమ్‌లో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, సర్టిఫికెట్ తీసినంత మాత్రాన రాదు. జాయింట్ లోన్‌లో కాగితం మీద ఇద్దరి పేర్లూ, మొత్తం వడ్డీ కనిపిస్తాయి. దానర్థం ఇద్దరూ మొత్తాన్ని వేసుకోవచ్చని కాదు. ఇంట్లో వాటా ఉండి, లోన్‌లోనూ పేరుండి, తన వంతు కట్టినవాళ్ళు తన వంతే వేసుకోవాలి. భార్య పేరు లోన్‌లో ఉండి రిజిస్ట్రేషన్‌లో లేకపోతే ఆవిడకి క్లెయిమ్ లేదు, ఎంత కట్టినా సరే.

కట్టుబడిలో ఉన్న ఇంటివాళ్ళకి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఇల్లు పూర్తి కాని ఏడాది వడ్డీని ఆ ఏడాది వేసుకోలేరు. పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో, అదీ సొంత నివాసమైతే ఆ ఏటి వడ్డీతో కలిపి 2 లక్షల పరిమితి లోపలే వేసుకోవాలి. మా తోడల్లుడు "ఈ ఏడాది పనికిరాదుగా" అని మూడేళ్ళ సర్టిఫికెట్లు తీయనే లేదు. ఈలోపు లోన్ వేరే బ్యాంకుకి మార్చాడు. ఇల్లు చేతికొచ్చాక ఆ మూడేళ్ళ లెక్క కోసం పాత బ్యాంకు చుట్టూ నెలన్నర తిరిగాడు, నేను బ్యాంకులోనే పని చేస్తూ ఉండి కూడా. ఏ ఏటికి ఆ ఏడు ఏప్రిల్‌లో ఫైనల్ తీసి ఇంటి డాక్యుమెంట్ల ఫైల్లో పెట్టమని ఇప్పుడు అందరికీ వాడే చెప్తున్నాడు.