కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం

"కొన్ని కాంతి సంవత్సరాల క్రితం..." అని మొదలయ్యే ఫార్వర్డ్ మెసేజ్ ఒకటి మొన్న మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. "క్రితం" అన్నచోటే నేను ఆగిపోయాను. కాంతి సంవత్సరం బదులు కిలోమీటరు పెట్టి అదే వాక్యం చదివి చూడండి. "పది కిలోమీటర్ల క్రితం మా తాతగారు ఇల్లు కట్టారు" అని ఎవరైనా అంటారా? చివర "సంవత్సరం" అని ఉంది కదా అని మనం దాన్ని కాలం ఖాతాలో వేసేస్తాం, అంతే.

నిజానికి ఈ పద్ధతి మనకేం కొత్త కాదు. గుడి ఎంత దూరమని అడిగితే ఊళ్లో పెద్దవాళ్లు "అరగంట నడక" అనేవారు. అరగంట అనేది కాలమే, కానీ "అరగంట నడక" మాత్రం దూరం, ఏ రెండు కిలోమీటర్లో రెండున్నరో. చిక్కల్లా ఎక్కడంటే, కుర్రాడి నడక వేరు, మోకాళ్ల నొప్పులున్న మామ్మ నడక వేరు, కాబట్టి ఆ కొలత మనిషిని బట్టి మారిపోతుంది. కాంతితో ఆ బాధ లేదు. శూన్యంలో దాని వేగం ఎప్పుడూ ఒకటే, సెకనుకి 2,99,792 కిలోమీటర్ల చిల్లర. నీళ్లలో, గాజులో కాస్త నెమ్మదిస్తుంది కానీ మన లెక్క శూన్యంలో వేగానిదే. ఆ వేగంతో ఏడాదిపాటు ఎక్కడా ఆగకుండా పోతే ఎంత దూరం వస్తుందో అదే కాంతి సంవత్సరం, అంటే "కాంతికి ఏడాది నడక" అనుకోండి.

అది ఎన్ని కిలోమీటర్లో చూడ్డానికి కాగితం, పెన్ను చాలు. వేగాన్ని సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు అనుకుందాం. 60తో గుణిస్తే నిమిషానికి కోటి 80 లక్షలు. (సూర్యుడు మనకి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అక్కడి వెలుగు ఇక్కడికి రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది, ఆ లెక్క ఇక్కడే తేలిపోతుంది.) మళ్లీ 60తో గుణిస్తే గంటకి 108 కోట్లు, 24తో గుణిస్తే రోజుకి 2,592 కోట్లు. దాన్ని 365తో గుణిస్తే 9,46,080 కోట్లు, అంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. అసలు విలువ 9,46,073 కోట్లు. ఇంత మోటు లెక్క ఇంత దగ్గరగా ఎలా వచ్చిందా అని నాకూ ఆశ్చర్యమేసింది. చూస్తే, వేగాన్ని ఒక పిసరు ఎక్కువ వేసుకున్నాం, ఏడాదిని పావు రోజు తక్కువ వేసుకున్నాం, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

ఇప్పుడు సిరియస్ సంగతి చూద్దాం. రాత్రి ఆకాశంలో గ్రహాలని పక్కన పెడితే అన్నిటికంటే ప్రకాశంగా కనిపించే నక్షత్రం ఇదే, దూరం 8.6 కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో చెప్పాలంటే సుమారు 81 లక్షల కోట్లు, అది మన పక్కవీధి నక్షత్రమైనా సరే! అందుకే కిలోమీటర్లని వదిలేశారు. ఈ దూరాన్ని దాటడానికి కాంతికి 8.6 ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ రాత్రి మీ కంట్లో పడే సిరియస్ వెలుగు అక్కణ్నుంచి ఎనిమిదిన్నరేళ్ల కిందట బయల్దేరినది. గందరగోళం పుట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. ప్రయాణానికి పట్టింది 8.6 సంవత్సరాలు, అది కాలం. ప్రయాణించింది 8.6 కాంతి సంవత్సరాలు, అది దూరం. అంకె ఒకటే కావడంతో రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇదంతా మా అన్నయ్య కూతురికి చెబితే శ్రద్ధగా విని, "బాబాయ్, మరి లీపు సంవత్సరంలో కాంతి సంవత్సరం పొడుగవుతుందా?" అని అడిగింది. నిజంగా మంచి ప్రశ్న. అవదు. ఏడాదంటే 365.25 రోజులని ఖగోళ శాస్త్రవేత్తలు ముందే ఖాయం చేసి పెట్టుకున్నారు, మన క్యాలెండర్‌తో దానికి పని లేదు. ఒకవేళ నిజంగానే లీపు సంవత్సరానికి ఒక రోజు కలిపితే ఏమయ్యేదని ఇద్దరం లెక్క వేశాం. ఆ ఒక్క రోజుకే సుమారు 2,590 కోట్ల కిలోమీటర్లు పెరిగేది. 1977 సెప్టెంబరులో బయల్దేరి, ఇప్పుడు సెకనుకి 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్ 1 అంతరిక్ష నౌక ఇన్ని దశాబ్దాల్లో మన నుంచి వెళ్లిన దూరం కూడా ఇంచుమించు అంతే.