ఓడూ కమ్యూనిటీయా, ఎంటర్‌ప్రైజా: చిన్న వ్యాపారుల అపోహలు, వాస్తవాలు

ఓడూ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు ఉచిత కమ్యూనిటీ, డబ్బు కట్టాల్సిన ఎంటర్‌ప్రైజ్ అని రెండు ఎడిషన్లు ఉన్నాయి. అది పెట్టుకుందామని వచ్చేవారు ముందుగా ధర అడుగుతారు. నేను మాత్రం మీ ఖాతాలు ఎవరు, ఎందులో రాస్తున్నారని అడుగుతాను. ఏ ఎడిషన్ కావాలన్నది సగం ఆ జవాబులోనే తేలిపోతుంది.

అపోహ: ట్రయల్‌లో చూసిందంతా ఉచితంగా వస్తుంది.

ఓడూ సైటులో కొద్ది రోజులు వాడి చూడమని ఇచ్చేది డబ్బు కట్టాల్సిన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. అది చూసి ముచ్చటపడి, తీరా కమ్యూనిటీ పెట్టుకున్నాక ఫోనుతో గోడౌనులో సరుకు స్కాన్ చేసే బార్‌కోడ్ యాప్ ఏదని వెతుకుతారు. అది కమ్యూనిటీలో లేదు. ఉచిత ఎడిషన్ తీసుకోవాలనుకుంటే పరీక్ష కూడా దాని మీదే జరగాలి, అదీ మీ బిల్లులతోనే.

అపోహ: కమ్యూనిటీ ఉత్త బొమ్మ. / కమ్యూనిటీలో అన్నీ ఉన్నాయి.

రెండూ తప్పే. గుంటూరులో ఆరుగురు పనిచేసే ఒక కారం పొడి యూనిట్ ఉందనుకుందాం. 100 కిలోల మిర్చి ఆడిస్తే తొడిమలు, తరుగు పోను 92 కిలోల కారం వస్తుంది. తయారీ పట్టీలో ఆ 100, 92 అంకెలనే రాసుకుంటే, ఆడించిన ప్రతిసారీ మిర్చి నిల్వ తగ్గి, కారం నిల్వ పెరుగుతుంది. లాట్ నంబరు, గడువు తేదీ, డీలరుకు ఇచ్చే జీఎస్టీ బిల్లు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందన్నది, అన్నీ కమ్యూనిటీలోనే నడుస్తాయి.

చిక్కు ఆడిటర్ దగ్గర మొదలవుతుంది. కమ్యూనిటీలో ఉన్నది ఇన్‌వాయిసింగ్ మాత్రమే. లోపల జర్నల్ ఎంట్రీలు పడుతూనే ఉంటాయి కానీ బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల నివేదిక, బ్యాంకు స్టేట్‌మెంటును సరిపోల్చుకునే తెర, జీఎస్టీఆర్-1 నివేదిక ఎంటర్‌ప్రైజ్‌లో ఉన్నాయి. ఓసీఏ అనే స్వచ్ఛంద సంఘం ఈ లోటు పూడ్చే మాడ్యూళ్లను, అంటే ఓడూకు జతచేసుకునే అదనపు భాగాలను, ఉచితంగా ఇస్తోంది. అయితే అవి ప్రతి వెర్షన్‌కూ ఒకేసారి సిద్ధం కావు. మీరు పెట్టబోయే వెర్షన్ పేరుతో, ఓసీఏ తన కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో ఆ మాడ్యూల్ ఉందో లేదో చూశాకే నిర్ణయించుకోండి.

ఈ యూనిట్‌కు నా సలహా వేరు. అకౌంటెంట్ ఇప్పటికే ట్యాలీలో పనిచేస్తుంటే ఖాతాలను అక్కడే ఉండనివ్వండి. సరుకు, తయారీ, బిల్లులు ఓడూలో పెట్టి, అమ్మకాల పట్టికను ఎక్సెల్‌గా అకౌంటెంట్‌కు పంపండి. నెలాఖరున రెండింటిలో జీఎస్టీ మొత్తం ఒకటేనా అని చూడండి. తేడా వస్తే సాధారణంగా రద్దు చేసిన బిల్లో, వెనక్కి వచ్చిన సరుకు క్రెడిట్ నోటో ఒకవైపు ఎక్కి ఉండదు. ఈ సరిచూపుకే అకౌంటెంటుకు నెలలో నాలుగైదు రోజులు పడుతుంటే ఎంటర్‌ప్రైజ్ రుసుము దండగ కాదు. ఆ రుసుమును లోపల పనిచేసే వాడుకరుల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. తమ బిల్లులు చూసుకోవడానికి లాగిన్ అయ్యే డీలర్లు ఆ లెక్కలోకి రారు.

అపోహ: సొంత సర్వర్ అయితే డేటా భద్రం.

చూసుకునే మనిషి ఉంటేనే. సొంత సర్వర్‌లో ఓడూ డేటా రెండు చోట్ల ఉంటుంది. అంకెలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో, జతచేసిన బిల్లుల స్కాన్లు, ఫొటోలు ఫైల్‌స్టోర్ ఫోల్డరులో. చాలామంది మొదటిదే బ్యాకప్ తీస్తారు. దాన్ని పునరుద్ధరిస్తే లెక్కలన్నీ కనిపిస్తాయి, అటాచ్‌మెంట్ నొక్కితే మాత్రం తెరుచుకోదు. రెండూ కావాలి:

```
pg_dump -Fc karam > karam.dump
tar czf karam_files.tgz "$DATA_DIR/filestore/karam"
```

ఇక్కడ `karam` అంటే మీ డేటాబేసు పేరు, `DATA_DIR` అంటే మీ కాన్ఫిగరేషన్ ఫైలులో `data_dir` ఎదురుగా ఉన్న చోటు. అదే ఫైలులో `list_db = False` అని పెట్టడం, `admin_passwd` మార్చడం మరవకండి. లేకపోతే డేటాబేసులను తీసేయగల పేజీ ఇంటర్నెట్‌లో తెరిచి ఉంటుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. ఖాతాల బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లో ఉండాలి. సొంత సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ ఉన్నవారు ఓడూను దాటి నేరుగా అంకె మార్చగలరు. ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందో ఆడిటర్ అడిగితే జవాబు ఉండాలి.

సర్వర్ గొడవ వద్దనుకుంటే ఓడూ ఆన్‌లైన్ ఉంది, కానీ బయటి మాడ్యూళ్లు అందులో ఎక్కవు. సొంత మాడ్యూళ్లూ కావాలి, సర్వర్ పనీ తప్పాలి అంటే ఓడూ సంస్థే నడిపే ఓడూ.ఎస్‌హెచ్ అనే హోస్టింగ్ సేవ ఉంది. దానికి ఎంటర్‌ప్రైజ్ రుసుము కాక హోస్టింగ్ రుసుము వేరే.

అపోహ: ఎప్పుడైనా అటు నుంచి ఇటు మారవచ్చు.

కమ్యూనిటీ నుంచి అదే వెర్షన్ ఎంటర్‌ప్రైజ్‌కు వెళ్లడం తేలికే. వెనక్కి రావడమే కష్టం, ఎంటర్‌ప్రైజ్ మాడ్యూళ్లలో పేరుకున్న డేటాకు కమ్యూనిటీలో చోటు ఉండదు. వెర్షన్ పెంచడం మరో ఖర్చు. ఏటా కొత్త ప్రధాన వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి మూడేళ్ల మద్దతు. ఎంటర్‌ప్రైజ్‌వారి ప్రామాణిక డేటాబేసును ఓడూ సంస్థే కొత్త వెర్షన్‌కు మార్చి ఇస్తుంది. కమ్యూనిటీవారు ఓసీఏ ఇచ్చే ఓపెన్‌అప్‌గ్రేడ్‌తో ఒక్కో వెర్షన్ మెట్టూ ఎక్కాలి. అందుకే కోట్ తీసుకునేటప్పుడు, మూడేళ్ల తర్వాత వెర్షన్ మార్చడానికి ఎంత తీసుకుంటారో అందులోనే రాయించుకోండి.